నాన్నను ఉద్యోగంలోంచి తీసేశారు, కంపెనీ క్వార్టర్‌లో ఇంకెన్నాళ్లు ఉండొచ్చు?

పల్నాటి_కుర్రాడు (ఫిబ్రవరి 18)

అందరికీ నమస్కారం. మా నాన్న పల్నాడులో ఒక ప్రైవేటు సిమెంటు ఫ్యాక్టరీలో ప్యాకింగ్ ప్లాంట్ ఆపరేటర్. పర్మినెంట్, 23 ఏళ్ల సర్వీసు. నానమ్మ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చెప్పకుండా 19 రోజులు మానేశారని ఛార్జ్‌షీట్ ఇచ్చారు. ఎంక్వైరీ అయింది, జనవరి 6న డిస్మిస్ ఆర్డర్ చేతిలో పెట్టారు. లేబర్ కోర్టుకు వెళ్లే పనిలో ఉన్నాం.

ఇప్పుడు సమస్య క్వార్టర్. ఫిబ్రవరి 10న నోటీసు వచ్చింది. ఏడు రోజుల్లో ఖాళీ చేయకపోతే కంపెనీల చట్టం సెక్షన్ 452 కింద క్రిమినల్ కేసు వేస్తామని రాశారు. నిన్న పొద్దున పదింటికి సెక్యూరిటీవాళ్లు ఇద్దరు, ఎలక్ట్రీషియన్ ఒకతను వచ్చి మీటరు బోర్డులో ఫ్యూజు పీక్కుపోయారు. ఆ ఎలక్ట్రీషియన్ మా పక్క క్వార్టరే. అమ్మ ముఖం చూడలేక "పిన్నీ, నా చేతిలో ఏం లేదు" అని తల దించుకుని వెళ్లిపోయాడట. చెల్లి టెన్త్. పరీక్షలు నెలలో ఉన్నాయి. రాత్రి ఛార్జింగ్ లైటు పెట్టుకుని చదివింది.

నాన్న పట్టుదల ఏంటంటే, క్వార్టర్ ఖాళీ చేస్తే డిస్మిస్‌ను ఒప్పుకున్నట్టే, కోర్టు తేల్చేదాకా కదలను అని. గ్రాట్యుటీ కూడా ఇవ్వలేదు. క్వార్టర్ అప్పగించి నో డ్యూస్ తెస్తేనే ఇస్తామంటున్నారు. చట్టప్రకారం ఎన్ని రోజులు ఉండొచ్చు? తెలిసినవాళ్లు చెప్పండి.

రాయలోడు

ఎవడొచ్చినా కదలొద్దు తమ్ముడూ. 23 ఏళ్లు ఉన్నారు కదా. పన్నెండేళ్లు దాటితే ఇల్లు ఉన్నవాడిదే. మా ఊళ్లో ఒకాయన అలాగే స్థలం దక్కించుకున్నాడు. ధైర్యంగా ఉండండి.

విశాఖ మాస్టారు

రాయలోడు గారు, ఆ పన్నెండేళ్ల లెక్క ఇక్కడ పనికిరాదు. యజమాని అనుమతితో ఉన్న ఇంటికి అది వర్తించదు.

పల్నాటి_కుర్రాడు, మీరు భయపడనవసరం లేదు. కంపెనీ మిమ్మల్ని నేరుగా ఖాళీ చేయించలేదు. ఎస్టేట్ ఆఫీసర్ ముందు షోకాజ్ నోటీసు ఇవ్వాలి, మీ మాట వినాలి, ఆ తర్వాతే ఆర్డర్. ఆ ఆర్డర్ మీద 12 రోజుల్లో జిల్లా జడ్జి దగ్గర అప్పీలు చేసుకోవచ్చు. నేను విశాఖలో కేంద్ర ప్రభుత్వ సంస్థలో పనిచేసి రిటైరయ్యాను. మనవడి చదువు కోసం ఎనిమిది నెలలు ఆలస్యం చేశాను. ఇదంతా దగ్గరుండి చూశాను. ఎస్టేట్ ఆఫీసర్ ఆర్డర్ లేకుండా వాళ్లు గడప తొక్కరు.

షార్జా శీను

అన్నా, 30 రోజులు. చట్టంలోనే ఉంది. మా క్యాంపులో జగిత్యాల అబ్బాయికి పోయిన ఏడాది ఇదే అయింది. ఉద్యోగం అయిపోయిన రోజునుంచి 30 రోజుల్లో రూమ్ ఖాళీ చేయాలి. ఆపైన ఉండాలంటే కంపెనీ ఒప్పుకోవాలి, ఖర్చు మనం కట్టుకోవాలి. రావలసిన డబ్బులు మాత్రం కంపెనీ 14 రోజుల్లో లెక్క తేల్చాలి.

గుంటూరు ప్లీడరమ్మ

శీను గారు చెప్పింది యూఏఈ చట్టం. 2021లో వచ్చిన వాళ్ల లేబర్ చట్టంలో ఆ 30 రోజుల మాట నిజంగానే ఉంది. కానీ పల్నాడుకి అది వర్తించదు. మాస్టారు చెప్పింది 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం. ఆయన అనుభవం సరైనదే, కానీ అది కేంద్ర ప్రభుత్వానికి కనీసం 51 శాతం వాటా ఉన్న కంపెనీలకూ, అలాంటి మరికొన్ని సంస్థలకూ. ప్రైవేటు సిమెంటు కంపెనీలో ఎస్టేట్ ఆఫీసరే ఉండడు. ఆయన కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే ఈలోపు కోర్టు సమన్లు వస్తాయి.

ప్రైవేటు కంపెనీ క్వార్టర్‌కి మన దగ్గర ఇన్ని రోజులు అని చట్టం అంకె వేయలేదు. అది మూడు చోట్ల వెతుక్కోవాలి. మొదటిది అలాట్‌మెంట్ లెటర్. క్వార్టర్ ఇచ్చినప్పుడు సంతకం పెట్టించుకున్న కాగితం. "సర్వీసు ముగిసిన ఇన్ని రోజుల్లో" అని అందులో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. రెండోది, 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం సెక్షన్ 63. ఉండటానికిచ్చిన అనుమతిని రద్దు చేస్తే, సామాను తీసుకుని వెళ్లడానికి సమంజసమైన గడువు ఇవ్వాలంటుంది. మూడోది, కంపెనీ దగ్గర రాతపూర్వకంగా మీరు సంపాదించుకునే గడువు. నా అనుభవంలో ఎక్కువమందిని కాపాడేది ఈ మూడోదే.

మీ నాన్నగారు అద్దెదారు కాదు. నెలకు రెండు మూడు వందలు జీతంలో కోసినా అది ఉద్యోగంతో ముడిపడిన అనుమతి మాత్రమే. ఉద్యోగం పోతే దాంతో అదీ పోతుంది.

రెండు విషయాలు చెప్పండి. అలాట్‌మెంట్ లెటర్‌లో ఏముంది? డిస్మిస్ ఆర్డర్‌లో గైర్హాజరు ఒక్కటే రాశారా, కొట్లాట, దొంగతనం లాంటి మాట ఏదైనా ఉందా?

పల్నాటి_కుర్రాడు

మేడమ్, లెటర్ బీరువాలో దొరికింది. 2006ది. 9వ షరతు: సర్వీసు ఏ కారణంతో ముగిసినా 30 రోజుల్లో ఖాళీ చేయాలి, ఆ తర్వాత నెలకు 6,000 పీనల్ రెంట్. కింద నాన్న సంతకం ఉంది. జీతంలో కోసేది 350. ఆర్డర్‌లో గైర్హాజరు తప్ప ఇంకేం లేదు.

అంటే ఫిబ్రవరి 5తో గడువు అయిపోయిందా? మరి 452 అంటే జైలేనా? నాన్నకు చెప్పలేదు గానీ అమ్మకు అదే భయం. నిన్న టౌన్ స్టేషన్ నుంచి ఫోన్ కూడా వచ్చింది, ఒకసారి రమ్మని.

గుంటూరు ప్లీడరమ్మ

ముందు స్టేషన్ సంగతి. 452 పోలీసు కేసు కాదు. ఎఫ్ఐఆర్ కట్టి అరెస్టు చేసే నేరం కాదది. కంపెనీగానీ, దాని సభ్యులు, అప్పులిచ్చినవాళ్లుగానీ కోర్టులో ఫిర్యాదు వేయాలి. స్టేషన్‌కి పిలిస్తే వకీలును తీసుకుని వెళ్లండి, "ఇది కోర్టు విషయం" అని మర్యాదగా చెప్పండి. అక్కడ ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు. ఫలానా తేదీకి ఖాళీ చేస్తానని స్టేషన్‌లో రాయించుకునే అలవాటు చాలాచోట్ల ఉంది.

ఇక 452. కంపెనీ ఆస్తిని అన్యాయంగా తన దగ్గర ఉంచుకున్న ఉద్యోగి మీద అది. "ఇప్పుడు ఉద్యోగి కాదు కదా" అన్న వాదన 1987లోనే పోయింది. పాత చట్టంలో ఇదే సెక్షన్ 630గా ఉండేది. మాజీ ఉద్యోగికి కూడా వర్తిస్తుందని సుప్రీంకోర్టు అప్పుడే చెప్పింది. నేరం రుజువైతే జరిమానా. తక్కువలో తక్కువ లక్ష, ఎక్కువలో ఎక్కువ ఐదు లక్షలు. జైలు నేరుగా రాదు. ఇన్ని రోజుల్లో అప్పగించమని కోర్టు గడువు పెడుతుంది. ఆ గడువు కూడా దాటితే రెండేళ్ల వరకు జైలు. అమ్మగారికి ఈ వరస చెప్పండి, కొంచెం నిద్ర పడుతుంది. కోర్టు ఆర్డర్ రాకముందే, దాన్ని ధిక్కరించకముందే ఎవరూ జైలుకు పోరు.

రాయలోడు

మేడమ్, నేను యూట్యూబ్‌లో చూశాను. పీఎఫ్, గ్రాట్యుటీ ఇవ్వకపోతే 452 కింద ఏమీ చేయలేరట. వీళ్లకి గ్రాట్యుటీ ఇవ్వలేదు కదా. ఇంకేం కావాలి?

గుంటూరు ప్లీడరమ్మ

ఈసారి సగం నిజం చెప్పారు. 2013 చట్టంలో కొత్తగా చేర్చిన మినహాయింపు అది. నివాసం విషయంలో కంపెనీ పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల బకాయి గానీ, ప్రమాద నష్టపరిహారం గానీ చెల్లించలేదని కోర్టుకు నమ్మకం కలిగితే జైలు శిక్ష వేయకూడదు. అంతే. జరిమానా పోదు, ఖాళీ చేయమనే ఆర్డర్ ఆగదు. వీడియోలో ఆ రెండో సగం చెప్పినట్టు లేరు.

అందులో ఇంకో మెలిక ఉంది. ఆ మాటలు "కంపెనీ నిర్వహించే" నిధులు అని ఉన్నాయి. పీఎఫ్ డబ్బు కంపెనీ ట్రస్టులో కాక ప్రభుత్వ పీఎఫ్ ఆఫీసులో ఉంటే, గ్రాట్యుటీకి విడిగా నిధే లేకపోతే ఈ మినహాయింపు దొరుకుతుందా అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు. కార్మికుడి వైపు నుంచి చదవాలని నేను వాదిస్తాను. జడ్జి ఒప్పుకుంటారని మాట ఇవ్వలేను.

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్

నేను గేటుకి అవతలి వైపు కూర్చున్నవాణ్ని. రెండు సిమెంటు ఫ్యాక్టరీల్లో ఇరవై ఆరేళ్లు పర్సనల్ డిపార్ట్‌మెంట్‌లో చేశాను. ఇలాంటి నోటీసులు నేనే టైపు చేయించాను. తిట్టుకోకండి.

లోపల ఏం జరుగుతుందో చెప్తాను. కొత్తగా వచ్చిన ఇంజనీరో, ఫోర్‌మనో క్వార్టర్ కోసం వెయిటింగ్ లిస్టులో ఉంటాడు. ప్లాంట్ హెడ్ రోజూ అడుగుతాడు. కోర్టుకు వెళ్తే ఏళ్లు పడుతుందని కంపెనీకీ తెలుసు. అందుకే ఫ్యూజు పీకుతారు, కాలనీ గేటు దగ్గర బండి ఆపుతారు, పాలవాణ్ణి రానివ్వరు. ఖాళీ చేయించడానికి ఆ దారిన వెళ్లే హక్కు వాళ్లకు లేదు. ఆ పని చేయించినవాడికి కూడా ఆ సంగతి తెలుసు. అందుకే దానికి రాతపూర్వక ఆర్డర్ ఉండదు, నోటిమాటే.

మీరు చేయాల్సింది ఒక ఉత్తరం. పర్సనల్ మేనేజర్ పేరుకు, రిజిస్టర్ పోస్టులో. ఫలానా తేదీన ఫలానా టైముకి కరెంటు తీసేశారు, ఇంట్లో పదో తరగతి పిల్ల ఉంది, పరీక్షలయ్యాక ఏప్రిల్ 30కి అప్పగిస్తాం, అప్పటిదాకా కరెంటు, నీళ్లు పునరుద్ధరించండి అని. తేదీ లేకుండా "కొంత టైము ఇవ్వండి" అని రాస్తే ఫైల్లో పడి ఉంటుంది. తేదీ ఉంటే దాన్ని హెడ్డాఫీసుకి పంపి అనుమతి తెచ్చుకోవడం తేలిక. నేనే నాలుగైదు ఇలా తెచ్చాను. పిల్లల పరీక్షలంటే ఎవరూ కాదనలేదు.

గుంటూరు ప్లీడరమ్మ

పర్సనల్ ఆఫీసర్ గారి ఉత్తరం బాగుంది, ఒక వాక్యం చేర్చండి. "క్వార్టర్ అప్పగించడం డిస్మిస్‌ను ఒప్పుకోవడం కాదు, దానిపై నాకున్న హక్కులకు భంగం లేకుండా అప్పగిస్తున్నాను" అని. మీ నాన్నగారి అసలు భయానికి జవాబు అదే. లేబర్ కోర్టు చూసేది ఎంక్వైరీ సరిగ్గా జరిగిందా, తప్పుకి శిక్ష ఎక్కువైందా అని. ఆయన ఏ ఇంట్లో పడుకుంటున్నారని కాదు. తిరిగి ఉద్యోగంలోకి తీసుకోమని తీర్పు వస్తే క్వార్టర్ సంగతి కూడా అప్పుడు అడగొచ్చు. కేసు నడుస్తున్నంత మాత్రాన ఇప్పుడు ఉండే హక్కు రాదు.

వారంలో కరెంటు ఇవ్వకపోతే జూనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఇంజంక్షన్ అడగండి. చట్టప్రకారం తప్ప బలవంతంగా ఖాళీ చేయించొద్దని, కరెంటు ఇవ్వమని. ఏప్రిల్ 30 అని మీరే రాసిచ్చారు కాబట్టి కోర్టుకి మీరు మొండివాళ్లుగా కనిపించరు.

జగ్గయ్యపేట లక్ష్మి

మధ్యలో అడుగుతున్నందుకు క్షమించండి మేడమ్. మా ఆయన సర్వీసులో ఉండగానే పోయారు, ఏడాదయింది. క్వార్టర్‌లో నేను, అత్తమ్మ ఉంటున్నాం. బాబుకి ఉద్యోగం ఇస్తామన్నారు, ఇంకా ఇవ్వలేదు. మేము ఉద్యోగులం కాదు కదా, మా మీద కూడా ఇదే వేస్తారా?

గుంటూరు ప్లీడరమ్మ

లక్ష్మి గారు, వేయగలరు. చనిపోయిన ఉద్యోగి కుటుంబానికి కూడా ఇది వర్తిస్తుందని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ విషయంలో ఉద్యోగం ఇస్తామన్నది కాగితం మీద ఉందా లేదా అన్నదే ముఖ్యం. విడిగా థ్రెడ్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

విశాఖ మాస్టారు

ఎస్టేట్ ఆఫీసర్ విషయంలో నాదే పొరపాటు. మా సంస్థలో చూసింది అన్నిచోట్లా అంతే అనుకున్నాను. కానీ గ్రాట్యుటీ ఆపడం మాత్రం ఎక్కడైనా తప్పే కదా? మాకు 30 రోజుల్లో వేయాలని యూనియన్‌వాళ్లు చెప్పేవారు.

గుంటూరు ప్లీడరమ్మ

30 రోజుల మాట నిజమే మాస్టారు. చెప్పకుండా మానేయడం గ్రాట్యుటీ పోగొట్టే తప్పుల్లోకి కూడా రాదు. ఆర్డర్‌లో ఏముందని అందుకే అడిగాను. కానీ క్వార్టర్ పట్టుకుని కూర్చుంటే ఇక్కడే దెబ్బ తగులుతుంది. ప్రభుత్వ రంగ సంస్థల కేసుల్లో 2005లోనూ, మళ్లీ 2020లోనూ సుప్రీంకోర్టు పీనల్ రెంట్‌ను గ్రాట్యుటీలోంచి మినహాయించుకోనిచ్చింది. 2017లో ఇంకో కేసులో మామూలు అద్దె మాత్రమే తీసుకోమంది. ఆ సంస్థలకు సొంత రూల్స్ ఉన్నాయి, ప్రైవేటు కంపెనీకి అదే వర్తించదని వాదించొచ్చు. అయినా 9వ షరతు కింద సంతకం ఉంది కదా.

నాన్నగారి చివరి బేసిక్, డీఏ కలిపి ఎంత?

పల్నాటి_కుర్రాడు

22,100 మేడమ్.

గుంటూరు ప్లీడరమ్మ

26తో భాగిస్తే రోజుకు 850. ఏడాదికి 15 రోజులు, అంటే 12,750. ఇరవై మూడేళ్లకు 2,93,250. ఏప్రిల్ 30కి ఖాళీ చేస్తే పీనల్ రెంట్ సుమారు మూడు నెలలు, 18,000. ఆ మాత్రం ఒప్పుకుని మిగతాది అడగొచ్చు. లేబర్ కోర్టు తీర్పు దాకా రెండేళ్లు ఉంటే 1,44,000. దాదాపు సగం గ్రాట్యుటీ రెండు గదుల ఇంటికి పోతుంది. పైన లక్ష జరిమానా ప్రమాదం. నాన్నగారి ముందు ఈ లెక్క కాగితం మీద వేసి పెట్టండి, నా మాటగా చెప్పకండి.

గ్రాట్యుటీ ఇమ్మని కంపెనీకి రాతపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే లేబర్ డిపార్ట్‌మెంట్‌లో గ్రాట్యుటీ చూసే అధికారికి అర్జీ పెట్టండి. ఆలస్యానికి వడ్డీ కూడా అడగొచ్చు. పీఎఫ్ డబ్బు ప్రభుత్వ పీఎఫ్ ఆఫీసులో ఉంటే దానికి వాళ్లతో పనే లేదు. కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయకపోయినా, చివరి జమ అయిన రెండు నెలల తర్వాత నాన్నగారే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు.

రాయలోడు

లెక్క చూశాక నేనేం మాట్లాడను. కానీ కంపెనీవాడు ఫ్యూజు పీకితే మనం తేదీ రాసిచ్చి బతిమాలుకోవడం నాకు నచ్చలేదు.

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్

నచ్చక్కర్లేదు బాబూ. పిల్ల పరీక్ష రాయాలి.

పల్నాటి_కుర్రాడు (మార్చి 2)

ఆలస్యానికి క్షమించండి. ఉత్తరం 19న పంపాం. స్టేషన్‌కి వకీలు గారితో వెళ్లాం, పది నిమిషాల్లో పంపించేశారు. 24న కరెంటు వచ్చింది, అదే ఎలక్ట్రీషియన్ వచ్చి పెట్టాడు. మొన్న కంపెనీ నుంచి రెండు వాక్యాల జవాబు. ఏప్రిల్ 30 వరకు "మానవతా దృష్టితో" అనుమతి, పీనల్ రెంట్ మాత్రం మినహాయించుకుంటామని. గ్రాట్యుటీ గురించి ఒక్క ముక్క లేదు. దానికి విడిగా అర్జీ పెడుతున్నాం.

నాన్నకు లెక్క చూపించాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఆ కాగితంలో ఒప్పుకోవడం కాదు అన్న ముక్క పెద్ద అక్షరాల్లో రాయించు" అన్నారు.

ఇంకొక్క సందేహం. అప్పగించే రోజు ఏం చూసుకోవాలి?

రిటైర్డ్ పర్సనల్ ఆఫీసర్

సివిల్ డిపార్ట్‌మెంట్ అతను వచ్చి ఇన్వెంటరీ రాస్తాడు. ఫ్యాన్లు ఎన్ని, ట్యూబ్‌లైట్లు ఎన్ని, కుళాయిలు, తలుపు గడియలు. ముందురోజు రాత్రే అన్నీ ఫోన్లో వీడియో తీసుకోండి. 2006లో తీసుకున్నప్పటి లిస్టు ఉంటే పక్కన పెట్టుకోండి. నాన్నగారు సొంత డబ్బుతో బిగించుకున్న గీజరు, వంటగది షెల్ఫు లాంటివి ఉంటే ముందే విప్పేసుకోండి, తర్వాత కంపెనీదంటారు. తాళం ఇచ్చిన వెంటనే తేదీ, టైముతో రసీదు అడగండి. రసీదు ఇవ్వకపోతే తాళం ఇవ్వొద్దు. పీనల్ రెంట్ ఆగేది ఆ తేదీతోనే.

పల్నాటి_కుర్రాడు

గీజరు మాదే సార్. నానమ్మ కోసం పెట్టించారు. బిల్లు మాత్రం దొరకట్లేదు.